జ్వరం కనిపించని ఫ్లూ

ఉదాహరణకు 76 ఏళ్ల పెద్దావిడ ఉన్నారనుకుందాం. బీపీ, షుగరు ఉన్నా మందులు సరిగ్గానే వేసుకుంటారు. వానాకాలంలో ఒకరోజు పొద్దున్నే కాఫీ వద్దన్నారు. మధ్యాహ్నం రెండు ముద్దలు తిని కంచం పక్కన పెట్టేశారు. సాయంత్రానికి మాట తడబడింది, ఇవాళ ఏ వారమో చెప్పలేకపోయారు. రాత్రి బాత్రూముకు వెళ్తూ కూలబడ్డారు. థర్మామీటరు పెడితే 99.2 డిగ్రీలు. "జ్వరం లేదులే, వయసు నీరసం" అని ఇంట్లోవాళ్లు పడుకోబెట్టేస్తారు. ఫ్లూ అయి ఉండొచ్చని ఎవరికీ తోచదు.

ఫ్లూ అనగానే మనకు మండిపోయే ఒళ్లు, ఒళ్లునొప్పులు, దగ్గు గుర్తొస్తాయి. వైరస్ మీద పోరాడేటప్పుడు మన రోగనిరోధక శక్తే ఒంటిని వేడెక్కిస్తుంది. వయసు మీదపడ్డాక ఆ స్పందన మందగిస్తుంది, అందుకే కొందరు పెద్దవాళ్లలో జ్వరం పెద్దగా రాదు. పైగా మామూలు రోజుల్లోనే వాళ్ల ఒళ్లు కాస్త చల్లగా ఉంటుంది. ఈ పెద్దావిడకు రోజూ ఉండేది 97 డిగ్రీలైతే, 99.2 అంటే రెండు డిగ్రీలకు పైగా పెరిగినట్టే. వృద్ధుల విషయంలో నోటి ఉష్ణోగ్రత 100 దాటినా, 99కి పైన మళ్లీమళ్లీ కనిపించినా, మామూలు కన్నా రెండు డిగ్రీలకు మించి పెరిగినా వైద్యులు జ్వరంగానే లెక్కిస్తారు. అందుకే ఆరోగ్యంగా ఉన్న రోజుల్లో రెండు మూడుసార్లు చూసి, ఆ అంకె రాసి పెట్టుకోవాలి.

థర్మామీటరు కన్నా ముందే మనిషి తీరు మారుతుంది. ఉన్నట్టుండి అయోమయం, తిండి మీద అయిష్టం, లేవలేనంత నీరసం, కింద పడిపోవడం, పాత ఆయాసం ఎక్కువవడం వంటివి కనిపిస్తాయి. నిన్నటిదాకా బాగున్న మనిషి ఒకటి రెండు రోజుల్లో ఇలా మారితే దాన్ని వయసు ఖాతాలో వేయకూడదు. కారణం ఫ్లూ కావచ్చు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, పక్షవాతమూ కావచ్చు. ఏదైనా అదే రోజు డాక్టరు చూడవలసిందే. మూతి వంకరపోయినా, కాలో చెయ్యో పడిపోయినా, మాట తడబడినా, ఆయాసం, ఛాతీ నొప్పి, లేపినా లేవని మగత ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ముక్కులోంచి తీసిన నమూనాను పరీక్షిస్తే ఫ్లూ అవునో కాదో తెలుస్తుంది. దీనికి వాడే ఒసెల్టామివిర్ మందు లక్షణాలు మొదలైన 48 గంటల్లోపు బాగా పనిచేస్తుంది. అందుకే వృద్ధుల్లో ఫ్లూ అనుమానం బలంగా ఉంటే ఫలితం వచ్చేదాకా ఆగకుండా మొదలుపెడతారు. కిడ్నీలు బలహీనంగా ఉంటే మోతాదు తగ్గిస్తారు.

ఇంత తొందర ఎందుకంటే, అమెరికాలో ఫ్లూ మరణాల్లో నూటికి 70 నుంచి 85 దాకా 65 ఏళ్లు దాటినవారివే. వైరస్ దెబ్బతీసిన శ్వాసమార్గంలో బాక్టీరియా చేరి న్యుమోనియా తెస్తుంది. కోలుకుంటున్నట్టే ఉండి దగ్గు, జ్వరం తిరగబెడితే దాన్ని అనుమానించాలి. గుండెకూ ముప్పే. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో జరిగిన అధ్యయనం 2018లో వెలువడింది. పరీక్షలో ఫ్లూ తేలాక మొదటి వారంలో గుండెపోటు ముప్పు దాదాపు ఆరు రెట్లు ఉందని అందులో తేలింది.

ముందుజాగ్రత్త టీకా. వయసుతో మందగించిన రోగనిరోధక శక్తి మామూలు టీకాకూ అంతంతమాత్రంగానే స్పందిస్తుంది. అందుకే బలమైనవి తయారుచేశారు. మామూలు టీకాలో ఒక్కో వైరస్ రకానికి 15 మైక్రోగ్రాముల యాంటిజెన్ ఉంటే, హై డోస్ టీకాలో 60 ఉంటుంది. మరోదానిలో స్పందనను పెంచే ఎంఎఫ్59 అనే నూనె మిశ్రమాన్ని కలుపుతారు. గుడ్లు వాడకుండా తయారుచేసే రీకాంబినెంట్ టీకాలో 45 మైక్రోగ్రాములు ఉంటుంది. 65 దాటినవారికి ఈ మూడింట్లో ఏదో ఒకదానికి ప్రాధాన్యమివ్వాలని 2022లో అమెరికా నిపుణుల కమిటీ చెప్పింది.

సుమారు 32 వేల మంది వృద్ధులతో జరిగి 2014లో వెలువడిన పరీక్షలో, హై డోస్ వేసుకున్నవారిలో ఫ్లూ కేసులు మామూలు టీకా వారికన్నా 24 శాతం తక్కువ. డెన్మార్క్‌లో మూడు లక్షల మందికి పైగా పాల్గొన్న పరీక్షలో మాత్రం ఫ్లూ, న్యుమోనియాలను కలిపి చూస్తే ఆసుపత్రి చేరికల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఫ్లూ అని ల్యాబులో తేలినవాటినే చూస్తే తగ్గాయి. బలమైన టీకాతో చేయి నొప్పి కాస్త ఎక్కువ.

మన దగ్గర ఎక్కువగా వేసేది మామూలు మోతాదు టీకాయే. బలమైనది దొరకలేదని ఆగవద్దు, ఉన్నది వేయించడమే మేలు. రక్షణ ఏర్పడటానికి రెండు వారాలు పడుతుంది కాబట్టి వానలకు ముందే వేయించాలి. వైరస్ మారుతుంటుంది, రక్షణ తరుగుతుంటుంది, అందుకే ఏటా కావాలి. పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లిన పెద్దవాళ్లు సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అక్కడుంటే, 65 దాటినవారి టీకా కావాలని ఫార్మసీలో ప్రత్యేకంగా అడగాలి.