‘పని చేస్తున్నారా’ అంటే ఏ పని?

1961 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో పనిచేసే ఆడవాళ్లు సుమారు 5.9 కోట్ల మంది. పదేళ్లు తిరిగేసరికి, 1971లో, ఆ సంఖ్య 3.1 కోట్లకు పడిపోయింది. ఆ పదేళ్లలో ఆడవాళ్ల జనాభా పెరిగిందే గాని తగ్గలేదు. ఊళ్లలో నాట్లు ఆగలేదు, కలుపుతీతలు ఆగలేదు, పాడి ఆగలేదు. మరి దాదాపు సగం మంది ఏమైపోయారు?

ఈ తేడాకు పెద్ద కారణం అడిగిన తీరు. 1961లో, సాగు కాలంలో ఎక్కువ భాగం రోజూ గంటకు మించి పనిచేసిన వాళ్లను పనివారిగానే రాసుకున్నారు. 1971లో పద్ధతి మార్చి, ముందుగా ‘ముఖ్యమైన పని ఏమిటి’ అని అడిగారు. తెల్లవారకముందే వాకిలి ఊడ్చి, వంట ముగించి, మధ్యాహ్నం దాకా సొంత చేలో కలుపు తీసి, వస్తూ వస్తూ గేదెకు పచ్చిగడ్డి కోసుకొచ్చే ఇల్లాలిని ఆ మాట అడిగితే ఆమె ఏం చెబుతుంది? ‘ఇంటిపనే’ అంటుంది. గుమ్మంలో నిలబడి జవాబు చెప్పేది ఇంటాయన అయితే, ఆయనా అదే అంటాడు. రెండో పని రాసుకోవడానికి చోటున్నా, పనివారి లెక్క ముఖ్యమైన పనిని బట్టే కట్టారు. దాంతో ఆమె పనిచేయనివారి జాబితాలో చేరిపోయింది.

తగ్గుదల మొత్తాన్ని ప్రశ్న మీదకే నెట్టలేం. అయితే అందులో నిజంగా తగ్గింది ఎంత, ప్రశ్న మారడం వల్ల తగ్గినట్టు కనిపించింది ఎంత అన్నది విడదీయడం తర్వాతి పరిశోధకులకు పెద్ద తలనొప్పి అయింది. తప్పుగా అర్థమైన ప్రశ్న చేసే నష్టం ఇదే. అంకె చేతికి వస్తుంది, అది దేనికి అంకో తెలియదు.

ఆ తర్వాత దిద్దుబాటు ఒక్కో మెట్టుగా జరిగింది. 1981లో ‘గత ఏడాదిలో ఎప్పుడైనా పని చేశారా’ అన్న ప్రశ్నను ముందు పెట్టారు. 1991లో దానికి ఒక చిన్న చేర్పు వచ్చింది: సొంత పొలంలో గానీ కుటుంబ వ్యాపారంలో గానీ జీతం లేకుండా చేసిన పని కూడా లెక్కే అని ప్రశ్నలోనే రాశారు. 2001కి వచ్చేసరికి, ఇంటి వాడకం కోసమే పాడి చూసుకున్నా దాన్ని పనిగానే పరిగణించారు. కేంద్రం నడిపే కార్మిక సర్వేలో వారం లెక్కకు హద్దు ఇంకా సూటిగా ఉంటుంది: గత 7 రోజుల్లో ఏ ఒక్క రోజైనా కనీసం ఒక గంట పని. ‘పని’ అనే రెండక్షరాల చుట్టూ కాలం, పరిమాణం, ఏవి కలుస్తాయన్న వివరం ఇలా ఒక్కొక్కటే కంచెలా పడ్డాయి.

ఇక్కడ గమనించాల్సిన సంగతి ఒకటుంది. 1971లో జవాబు చెప్పిన వాళ్లెవరికీ ప్రశ్న అర్థం కాలేదనిపించి ఉండదు. నిజంగా అర్థం కాని ప్రశ్న అంత ప్రమాదకరం కాదు. ‘అంటే ఏంటండీ?’ అని ఎవరో ఒకరు అడుగుతారు, లోపం బయటపడుతుంది. చిక్కంతా అందరికీ తేలిగ్గా అర్థమైనట్టుండి, ఒక్కొక్కరికి ఒక్కోలా అర్థమయ్యే ప్రశ్నతోనే. తడుముకోకుండా జవాబిచ్చేస్తారు కాబట్టి అడిగిన వాళ్లకూ అనుమానం రాదు.

అమెరికాలో మైకేల్ షోబర్, ఫ్రెడరిక్ కాన్రాడ్ అనే ఇద్దరు పరిశోధకులు 1997లో ప్రచురించిన ప్రయోగం దీన్ని కొలిచి చూపించింది. ప్రభుత్వ సర్వేల్లో వాడే ప్రశ్నలనే తీసుకుని, ఇంట్లో ఫర్నిచర్ కొన్నారా వంటివి ఫోన్లో అడిగించారు. జవాబు చెప్పేవారికి కల్పిత వివరాలు ముందే ఇచ్చారు కాబట్టి సరైన జవాబేదో పరిశోధకులకు తెలుసు. కొన్నది బల్ల అయితే గొడవే లేదు, దాదాపు అందరూ సరిగ్గానే చెప్పారు. కొన్నది నేల మీద నిలబెట్టే దీపస్తంభం అయితే? అది ఫర్నిచరా, కాదా? ఇలాంటి చిక్కు సందర్భాల్లో, ప్రశ్నను ఉన్నదున్నట్టు చదవడం తప్ప వివరించకూడదన్న నియమం పెట్టినప్పుడు సరైన జవాబులు 28 శాతమే. అడిగేవాళ్లు అర్థం వివరించవచ్చని వదిలినప్పుడు అవి 87 శాతానికి చేరాయి.

వాట్సాప్‌లో పంపే గూగుల్ ఫారంలో వివరించే మనిషే ఉండడు. కాబట్టి ఆ వివరణ అంతా ప్రశ్నలోనే ఉండాలి.

కాలనీ సంక్షేమ సంఘాలు వేసవిలో తరచూ పంపే తరహా ప్రశ్న ఒకటి తీసుకుందాం. ‘మీకు నీళ్లు సక్రమంగా వస్తున్నాయా? అవును / లేదు.’ చూడటానికి ఇంతకంటే తేలికైన ప్రశ్న ఉండదు. ఒకాయనకు సక్రమంగా అంటే రోజు విడిచి రోజు తప్పకుండా రావడం. పక్కింటావిడకు చెప్పిన వేళకు రావడం, అర్ధరాత్రి రెండింటికి కాకుండా. మూడో ఇంట్లో నీళ్లు రోజూ వస్తాయి గానీ సన్నగా, బిందె నిండటానికి పావుగంట. నాలుగో ఇంట్లో ధారాళంగా వస్తాయి గానీ మొదటి పది నిమిషాలు మట్టి రంగు. ఇక ‘నీళ్లు’ అంటే మున్సిపల్ కుళాయా, బోరా, ట్యాంకరా, తాగడానికి తెప్పించుకునే ఇరవై లీటర్ల క్యానా? ‘వస్తున్నాయా’ అంటే ఈ వారమా, ఈ వేసవి మొత్తమా? ‘మీకు’ అన్నది కూడా నిలకడలేని మాటే. మర్యాదకు ఒక్కరినీ ‘మీరు’ అంటాం, ఇంటిల్లిపాదినీ ‘మీరు’ అంటాం. పై అంతస్తులో అన్నయ్య, కింది అంతస్తులో తమ్ముడు ఉంటే ‘మీకు’ అంటే ఎవరికి? జనాభా లెక్కలవాళ్లు ఈ చిక్కును ఎప్పుడో విప్పారు: కలిసి ఉంటూ ఒకే వంటింట్లో తినేవాళ్లు ఒక కుటుంబం.

వంద జవాబులొచ్చి అందులో అరవై ‘లేదు’ అయితే సంఘం కార్యదర్శి ఆ కాగితం పట్టుకుని జలమండలికి వెళ్లి ఏమని అడగాలి? రోజులు పెంచమనా, వేళ మార్చమనా, పీడనం పెంచమనా, పైపు లీకేజీ చూడమనా? నాలుగింటికీ మందు వేరు.

బిగించడం మొదలుపెట్టాల్సింది ఇక్కడి నుంచే. జవాబు చూసి ఏం చేయబోతున్నారో ముందు తేల్చుకోవాలి. నీళ్లు వచ్చే రోజులు పెంచమని అడగడమే ఉద్దేశమైతే ప్రశ్న ఇలా మారుతుంది: ‘గత సోమవారం నుంచి నిన్న ఆదివారం వరకు, మీ ఇంటి మున్సిపల్ కుళాయిలో ఎన్ని రోజులు నీళ్లు వచ్చాయి?’ జవాబులు 0 నుంచి 7 వరకు, వాటితో పాటు ‘మున్సిపల్ కుళాయి లేదు’, ‘తెలియదు’. ‘సక్రమంగా’ పోయి అంకె వచ్చింది. ‘నీళ్లు’ ఏవో తేలింది. ‘ఈ మధ్య’ అన్నట్టు వదిలేయకుండా ఫలానా ఏడు రోజులని హద్దు పడింది. సరిపోతున్నాయా అన్నది కూడా కావాలంటే అది రెండో ప్రశ్న: ‘చివరిసారి వచ్చినప్పుడు పట్టుకున్న నీళ్లు మళ్లీ నీళ్లు వచ్చేదాకా సరిపోయాయా?’ వేళ, నాణ్యత ఒకే వాక్యంలో ఇరికిస్తే మళ్లీ మొదటికే వస్తుంది.

ఇంత చేశాక కూడా ప్రశ్న సిద్ధమైనట్టు కాదు. రాసినవాళ్ల కళ్లకు తమ వాక్యంలోని కంత కనిపించదు. సర్వే నిపుణులు దీనికి వాడే పద్ధతిని కాగ్నిటివ్ ఇంటర్వ్యూ అంటారు. పేరు పెద్దదే గాని పని చిన్నది. వేర్వేరు తరహా ఇళ్ల నుంచి అయిదారుగురిని ఎంచుకుని ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి ప్రశ్న చదివించాలి. జవాబు చెప్పాక అడగాలి: ఈ ప్రశ్న మీ మాటల్లో చెప్పండి? నాలుగు అని చెప్పారు, ఆ నాలుగూ ఎలా లెక్కపెట్టారు? ఏవి కలిపారు, ఏవి వదిలేశారు? ‘మీకు అర్థమైందా’ అని మాత్రం అడగకూడదు. దానికి మర్యాదకైనా అందరూ అవుననే అంటారు.

పై నీటి ప్రశ్నను ఇలా పరీక్షిస్తే అపార్ట్‌మెంటు దగ్గర ఇరుక్కుంటుంది. అక్కడ మున్సిపల్ నీళ్లు సంపులో పడతాయి, బోరు నీళ్లతో కలిసి పైట్యాంకుకు ఎక్కుతాయి, ఫ్లాటులో కుళాయి తిప్పితే రోజూ నీళ్లే. మూడో అంతస్తు ఆవిడ నిజాయితీగానే ‘7’ అంటుంది. వాల్వు తిప్పే వాచ్‌మన్‌ను అడిగితే మూడు రోజులే అంటాడు. ఇక్కడ వాక్యం ఎంత దిద్దినా లాభం లేదు, అడిగే మనిషిని మార్చాలి. అపార్ట్‌మెంట్లకు ఒక్కో భవనానికి ఒక్క జవాబు చొప్పున వాచ్‌మన్ నుంచో నిర్వహణ చూసేవారి నుంచో తీసుకోవాలి. వందల ఫారాలు తిరిగొచ్చాక ఇది తెలిస్తే చేసేదేమీ ఉండదు.

బిగింపుకూ ఒక హద్దుంది. అన్ని మినహాయింపులూ కుక్కిన ప్రశ్న నాలుగు వరుసలు అవుతుంది, దాన్ని ఎవరూ చివరిదాకా చదవరు. గత 6 నెలల్లో ఎన్ని రోజులు నీళ్లు రాలేదంటే ప్రశ్న స్పష్టమే గాని, ఎవరికీ గుర్తుండదు. జ్ఞాపకం లేని చోట జనం ఊహించి రాస్తారు. పొడుగు వాక్యం కంటే రెండు పొట్టి ప్రశ్నలు మేలు, ఆరు నెలల కంటే ఏడు రోజులు మేలు. మరో ఖర్చు కూడా ఉంది. ఏటా అడిగే ప్రశ్నను ఈ ఏడు మార్చితే పోయినేటి అంకెతో పోల్చడం కుదరదు. మార్చక తప్పనప్పుడు ఆ ఒక్కసారికి సగం మందికి పాత ప్రశ్న, సగం మందికి కొత్త ప్రశ్న పంపితే తేడా ఎంతో తెలుస్తుంది. ఎవరికి ఏది వెళ్లాలో మాత్రం చీటీలు తీసి తేల్చాలి. ఒక వీధికి పాతది, ఇంకో వీధికి కొత్తది పంపితే వీధుల మధ్య ఉన్న తేడా కూడా అందులో కలిసిపోతుంది.

ఫారం పంపేశాక కూడా కొన్ని ఆనవాళ్లు లోపాన్ని పట్టిస్తాయి. ఒకే పైపు మీదున్న పక్కపక్క ఇళ్లు పూర్తిగా వేర్వేరు జవాబులిస్తే, ‘ఇతరాలు’ గడిలో వివరణలు ఎక్కువగా కనిపిస్తే, ఒక్క ప్రశ్ననే చాలామంది ఖాళీగా వదిలేస్తే, ముందు అనుమానించాల్సింది ప్రశ్ననే.

ఫలితాలు నోటీసు బోర్డు మీద పెట్టేటప్పుడు శాతాల పక్కనే అడిగిన ప్రశ్నను కూడా ఒక్క అక్షరం మార్చకుండా అంటించండి. 1961, 1971 అంకెల మధ్య తేడా ఎక్కడిదో ఇవాళ మనం మాట్లాడుకోగలుగుతున్నామంటే, అప్పుడు ఏం అడిగారో రాసి ఉంచారు కాబట్టే.