మీ ఈమెయిల్ లీకైందా? ఏం పోయిందో చూసి మార్చుకోండి

2021 ఏప్రిల్‌లో మన దేశానికి చెందిన రెండు పెద్ద లీకులు బయటపడ్డాయి. ఒకటి ఇంటికి సరుకులు పంపే బిగ్‌బాస్కెట్‌ది. అంతకు ముందు అక్టోబరులో చోరీ అయిన వివరాలను దొంగలు మొదట అమ్ముకున్నారు, ఆ ఏప్రిల్‌లో ఎవరైనా దించుకునేలా ఇంటర్నెట్‌లో పెట్టేశారు. అందులో రెండు కోట్లకు పైగా ఖాతాల వివరాలున్నాయి. రెండోది డామినోస్ పిజ్జా భారత విభాగానిది. అందులో సుమారు 2.25 కోట్ల ఈమెయిల్ చిరునామాలున్నాయి.

పేరు, ఫోన్ నంబరు, ఇంటి చిరునామా రెండింట్లోనూ ఉన్నాయి. బిగ్‌బాస్కెట్ లీకులో వీటికి తోడు పుట్టిన తేదీలు, సంకేత రూపంలో దాచిన పాస్‌వర్డ్‌లు కూడా పోయాయి. డామినోస్ లీకులో పాస్‌వర్డ్‌లు లేవు. ఎవరు ఏ ఆర్డరు పెట్టారన్న చిట్టా ఉంది. ఈ రెండు చోట్లా ఖాతా ఉన్న మనిషి రెండు వేర్వేరు పనులు చేయాల్సి ఉంటుంది. అందుకే లీకైందా లేదా అన్నదానితో ఆగకుండా, ఏం లీకైందో చూడాలి.

చూడటానికి అందరూ వాడే చోటు haveibeenpwned.com. ట్రాయ్ హంట్ అనే ఆస్ట్రేలియా నిపుణుడు 2013 డిసెంబరులో దీన్ని మొదలుపెట్టారు. బయటపడిన లీకులను సేకరించి, ఏ ఈమెయిల్ ఎందులో ఉందో వెతికే వీలు కల్పించారు. ఆ పేరును బ్రౌజరులో స్వయంగా టైపు చేసి, పెట్టెలో ఈమెయిల్ ఒక్కటే ఇవ్వాలి. డబ్బు కట్టక్కర్లేదు. ఈమెయిల్, దాని పాస్‌వర్డ్ రెండూ కలిపి అడిగే సైటు ఏదైనా దొంగ సైటే అనుకుని బయటికి వచ్చేయాలి.

ఫలితంలో లీకైన సంస్థల పేర్లు వరసగా వస్తాయి. ఒక్కోదాని దగ్గర Compromised data అన్న జాబితా ఉంటుంది. చదవాల్సింది దాన్నే. అందులో Passwords అన్న మాట ఉంటే ఒక దారి, లేకపోతే ఇంకో దారి. ఇప్పుడు వాడుతున్న చిరునామాతో ఆగిపోకుండా పాత యాహూ, రెడిఫ్‌మెయిల్ చిరునామాలను, ఆఫీసు ఈమెయిల్‌ను కూడా వెతకాలి. మరిచిపోయిన ఖాతాలు ఎక్కువగా వాటి మీదే ఉంటాయి.

ఏమీ దొరకలేదని వచ్చినా పూర్తిగా నిశ్చింతగా ఉండటానికి లేదు. ఆ సైటుకు చేరిన లీకులే అందులో కనిపిస్తాయి. దొంగల మధ్యే చేతులు మారుతున్నవి కనిపించవు. పైగా మన దగ్గర చాలామంది ఫోన్ నంబరు, ఓటీపీతోనే ఖాతా తెరుస్తారు. ఈమెయిల్ ఇవ్వని ఖాతా ఈమెయిల్‌తో వెతికితే దొరకదు. ఆ సైటులోనే Notify Me దగ్గర చిరునామా నమోదు చేసుకుంటే, ఇకపై ఏ లీకులోనైనా అది కనబడినప్పుడు మెయిల్ వస్తుంది.

బిగ్‌బాస్కెట్ పాస్‌వర్డ్‌లు సంకేత రూపంలోనే పోయాయి కదా, భయమెందుకు అని అడగవచ్చు. ఆ రూపాన్ని హ్యాష్ అంటారు. దాన్ని వెనక్కి తిప్పి అసలు పాస్‌వర్డ్ రాబట్టడం కుదరదు. అయితే దొంగ ఊహతో పని కానిస్తాడు. పేర్లు, పుట్టిన సంవత్సరాలు, ఊళ్లు, తేలిక మాటలు ఒక్కొక్కటీ హ్యాష్‌గా మార్చి, లీకైనదానితో పోల్చి చూస్తాడు. బిగ్‌బాస్కెట్ వాడిన SHA-1 పద్ధతి చాలా వేగమైనది. మంచి గ్రాఫిక్స్ కార్డు సెకనుకు వందల కోట్ల ఊహలను సరిచూడగలదు. ఇంట్లోవాళ్ల పేరు చివర @1985 చేర్చిన పాస్‌వర్డ్ ఆ వేగం ముందు నిలవదు. లీకైన తర్వాత 1985ని 1986 చేసినా అంతే, దొంగ దాన్నీ ఊహిస్తాడు.

తన పాస్‌వర్డ్ ఇప్పటికే దొంగల జాబితాల్లో ఉందేమో కూడా చూసుకోవచ్చు. అదే సైటులో haveibeenpwned.com/Passwords అన్న పేజీ ఉంది. అక్కడ పాస్‌వర్డ్ టైపు చేయడం ప్రమాదం కాదా అన్న సందేహం సహజం. దానికి జవాబు ఆ పేజీ పనిచేసే తీరులో ఉంది. ఉదాహరణకు password అన్న మాటే తీసుకుందాం. మన బ్రౌజరే దాన్ని ముందు హ్యాష్‌గా మారుస్తుంది:

```
5BAA61E4C9B93F3F0682250B6CF8331B7EE68FD8
```

సైటుకు వెళ్లేది ఇందులో మొదటి ఐదు అక్షరాలు, 5BAA6 మాత్రమే. వాటితో మొదలయ్యే హ్యాష్‌లన్నీ సైటు తిరిగి పంపుతుంది. మిగతా 35 అక్షరాలు వాటిలో దేనితోనైనా సరిపోయాయా అని చూసేది మన బ్రౌజరే. అసలు పాస్‌వర్డ్ గానీ, పూర్తి హ్యాష్ గానీ అవతలికి వెళ్లవు.

ఇక బిగ్‌బాస్కెట్ లీకులో చిరునామా దొరికిన ఒక హైదరాబాద్ ఉద్యోగి సంగతి ఊహిద్దాం. ఆయన అదే పాస్‌వర్డ్‌ను జీమెయిల్‌కీ, రైలు టికెట్ల ఖాతాకీ, మరో షాపింగ్ సైటుకీ వాడుతున్నారు. ముందు మార్చాల్సింది జీమెయిల్ పాస్‌వర్డే, బిగ్‌బాస్కెట్‌ది ఆ తర్వాత. మిగతా ఖాతాల్లో పాస్‌వర్డ్ మరిచిపోయామని నొక్కితే కొత్త లింకు వచ్చేది జీమెయిల్‌కే. అది దొంగ చేతిలో ఉంటే మిగిలినవి ఎన్నిసార్లు మార్చినా ఫలితం ఉండదు.

పాస్‌వర్డ్ మార్చినంత మాత్రాన జీమెయిల్ పని అయిపోయినట్టు కాదు. ఎవరైనా ఇప్పటికే లోపలికి వచ్చి ఉంటే, మెయిళ్ల నకళ్లు తనకు చేరేలా ఏర్పాటు చేసి ఉండవచ్చు. పాస్‌వర్డ్ మారినా ఆ ఏర్పాటు అలాగే ఉంటుంది. కంప్యూటరులో జీమెయిల్ సెట్టింగ్స్ తెరిచి Forwarding and POP/IMAP దగ్గర తెలియని చిరునామా ఉందేమో, Filters and Blocked Addresses దగ్గర తాను పెట్టని నియమం ఉందేమో చూడాలి. గూగుల్ ఖాతా భద్రత పేజీలో తనవి కాని పరికరాలను తీసేయాలి. రికవరీ ఫోన్ నంబరు తనదేనని సరిచూసుకుని, రెండంచెల ధ్రువీకరణ పెట్టుకోవాలి.

ఆ తర్వాత పాత పాస్‌వర్డ్ వాడిన ప్రతిచోటా ఒక్కోదానికి ఒక్కో కొత్తది పెట్టాలి. ఇన్ని గుర్తుండవు కాబట్టి పాస్‌వర్డ్ మేనేజరు వాడటం, లేదా ఇంట్లో భద్రమైన చోట నోటు పుస్తకంలో రాసుకోవడం మేలు. ఒకే పాస్‌వర్డ్ అన్నిచోట్లా వాడితే ఏమవుతుందో 2023లో అమెరికా సంస్థ 23అండ్‌మీ ఖాతాదార్లు చూశారు. ఇతర లీకుల్లో దొరికిన పాస్‌వర్డ్‌లతో దొంగలు అక్కడ సుమారు 14,000 ఖాతాలు తెరిచారు. బంధువులను వెతికే సదుపాయం ద్వారా ఆ ఖాతాల నుంచి దాదాపు 69 లక్షల మంది వివరాలు లాగేశారు.

డామినోస్ లాంటి లీకులో పాస్‌వర్డ్ మార్చినా ఒరిగేదేమీ లేదు. ఇల్లు, ఫోన్ నంబరు మార్చలేం. మారాల్సింది ఫోన్ వచ్చినప్పుడు మన నడవడిక. అవతలి మనిషి మన పేరు, వీధి, కిందటిసారి ఏం తెప్పించుకున్నామో చెప్పగానే అసలైన సంస్థవాళ్లే అనుకుంటాం. ఆ వివరాలు ఇప్పుడు ఎవరి దగ్గరైనా ఉండవచ్చు. అలాంటి ఫోన్ వస్తే పెట్టేసి, ఆ సంస్థ యాప్‌లో ఉన్న నంబరుకు మనమే చేయాలి. పాత పాస్‌వర్డ్ ఒకటి మెయిల్లో రాసి, మీ కంప్యూటర్ మా చేతిలో ఉంది, డబ్బు పంపండి అని బెదిరించేవాళ్లూ ఇలాంటి లీకుల నుంచే దాన్ని ఏరుకుంటారు. ఆ పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడైనా వాడుతుంటే మార్చేయాలి. డబ్బు పంపకూడదు, జవాబూ ఇవ్వకూడదు.

ఖాతా నుంచి డబ్బు పోతే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి వెంటనే 1930కి ఫోన్ చేయండి, బ్యాంకుకు చెప్పండి, cybercrime.gov.in లో ఫిర్యాదు నమోదు చేయండి. ఆలస్యమైన కొద్దీ ఆ డబ్బు చేతులు మారిపోతుంది, దాన్ని ఆపడం కష్టమవుతుంది.