టిక్కు పెట్టే ముందు నోట్సు మూయాలి

ఇచ్చోడలో బి.కాం. మొదటి సంవత్సరం పిల్లలకు ఫైనాన్షియల్ అకౌంటింగ్ చెప్తాను. ఇంటర్నల్ పరీక్షకు పది రోజుల ముందు ఓసారి ఒక కాగితం జిరాక్స్ తీయించి అందరికీ పంచాను. ఎడమ పక్క పాఠంలోని అంశాలు, కుడి పక్క ఖాళీ గడులు. 'వచ్చిన దానికి టిక్కు పెట్టుకోండి, రానిది నన్ను అడగండి' అన్నాను. మూడో రోజుకు దాదాపు అందరి కాగితాలూ టిక్కులతో నిండిపోయాయి. అడగడానికి ఒక్కరూ రాలేదు. నేను సంబరపడ్డాను.

పరీక్షలో బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక లెక్క ఇస్తే, సగం మంది కూడా సరైన జవాబు దగ్గరికి రాలేదు. బజార్‌హత్నూర్ వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయిని పిలిచి, 'ఏమ్మా, దీనికి టిక్కు పెట్టినవ్ కదా?' అని అడిగాను. 'నోట్సు చూస్తే అంతా తెలిసినట్టే ఉండె సార్. పేపర్ మీద ఏది కలపాలో, ఏది తీసెయ్యాలో యాదికి రాలే' అంది.

తప్పు ఆ అమ్మాయిది కాదు, నా కాగితానిది. అందులో నేను రాసిన వరుసలు ఇలా ఉన్నాయి: 'బ్యాంకు నిల్వల సమన్వయ పట్టిక – అర్థం', 'తేడాలకు కారణాలు', 'పట్టిక తయారీ'. ఇవి నోట్సులోని శీర్షికలే. శీర్షిక చూడగానే ఆ పేజీ కళ్ల ముందు మెదులుతుంది, మెదలగానే వచ్చేసినట్టు అనిపిస్తుంది, చెయ్యి టిక్కు పెట్టేస్తుంది. చూసి గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పగలగడం వేరు. నా కాగితం మొదటిదాన్నే అడిగింది.

ఇది మా పిల్లలకే ఉన్న జబ్బు కాదు. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు పరిశోధకులు విద్యార్థులకు ఒక చిన్న పాఠం ఇచ్చి చూశారు. కొందరు దాన్ని నాలుగు దఫాలు చదివారు. కొందరు ఒక్క దఫా చదివి, తర్వాత మూడు దఫాలు చూడకుండా గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాల తర్వాత అడిగితే చదివినవాళ్లే ముందున్నారు. వారం తర్వాత అడిగితే కథ తిరగబడింది. చదివినవాళ్లకు దాదాపు 40 శాతం గుర్తుంటే, రాసి చూసుకున్నవాళ్లకు 61 శాతం గుర్తుంది. నన్ను ఆపింది ఇంకో సంగతి. వారం తర్వాత ఎంత గుర్తుంటుందని ముందే అంచనా అడిగితే, ఎక్కువ ధీమాగా చెప్పింది చదివినవాళ్లే. నా జిరాక్స్ కాగితం కొలిచింది ఆ ధీమానే.

మళ్లీ మొదటి నుంచి పెట్టుకున్నాను. ఈసారి రెండు కాగితాలు పక్కపక్కన పరిచాను. ఒకటి నా తొమ్మిది పేజీల నోట్సు. రెండోది కోర్సు ఫలితాల పట్టిక, అంటే ఈ కోర్సు అయ్యాక విద్యార్థికి ఏమేం చేయడం రావాలో రాసిన పత్రం. నాక్ బృందం వచ్చినప్పుడు చూపించడానికి ఫైల్లో పెట్టే ఆ కాగితాన్ని పాఠం కోసం విప్పింది నిజంగా అదే మొదటిసారి. అందులో మా పాఠానికి ఒకే వాక్యం ఉంది: నగదు పుస్తకానికీ పాస్ పుస్తకానికీ మధ్య తేడాలను గుర్తించి, నగదు పుస్తకాన్ని సవరించి, సమన్వయ పట్టికను తయారు చేయగలగాలి.

ఒకే వాక్యం, కానీ అందులో మూడు పనులున్నాయి. గుర్తించడం, సవరించడం, తయారు చేయడం. మూడింటికీ ఒకే టిక్కు పెట్టమంటే, ఒకటి వచ్చినవాడు కూడా పెట్టేస్తాడు. కాబట్టి ఆ వాక్యాన్ని విడగొట్టాలి. ఎంతవరకు అంటే, ప్రతి వరుసకూ జవాబు వచ్చిందో రాలేదో పిల్లవాడు తనంతట తాను ఐదు పది నిమిషాల్లో తేల్చుకోగలిగేంత వరకు. 'అర్థం చేసుకున్నాను' అనే మాట ఈ కాగితంలో పనికిరాదు, దాన్ని ఎవరూ సరిచూడలేరు. 'చెప్పగలను', 'రాయగలను', 'తేల్చగలను' అంటే సరిచూడొచ్చు.

లెక్క ఒకటి చూస్తే ఈ విడగొట్టడం తెలుస్తుంది. చెక్కులు మా పిల్లల్లో చాలామంది చూడలేదు. కిరాణా కొట్టు, ఫోన్‌పే అందరికీ తెలుసు. అందుకని ఇచ్చోడ బస్టాండు దగ్గర ఒక కొట్టు ఉందనుకున్నాం. నెలాఖరుకు యజమాని నగదు పుస్తకం ప్రకారం బ్యాంకులో రూ.24,000 ఉండాలి. ఆయన హోల్‌సేల్ వ్యాపారికి రూ.6,000 చెక్కు ఇచ్చాడు, ఆ వ్యాపారి ఇంకా బ్యాంకులో వెయ్యలేదు. ఈయన రూ.4,500 చెక్కు బ్యాంకులో వేశాడు, అది ఇంకా వసూలు కాలేదు. బ్యాంకు తన చార్జీల కింద రూ.150 కోసుకుంది, ఈయనకు తెలియదు. ఒక ఖాతాదారు ఫోన్‌పేలో నేరుగా రూ.3,000 పంపాడు, ఈయన పుస్తకంలో రాసుకోలేదు. ఇంతకీ పాస్ పుస్తకంలో ఎంత ఉంటుంది?

ఇవ్వని చెక్కు కాదు, ఇచ్చినా బ్యాంకుకు చేరని చెక్కు అది. యజమాని తీసేసుకున్నాడు, బ్యాంకు ఇంకా తియ్యలేదు, కాబట్టి 6,000 కలపాలి. వసూలు కాని 4,500 తీసెయ్యాలి. చార్జీలు 150 తీసెయ్యాలి. నేరుగా వచ్చిన 3,000 కలపాలి. మొత్తం రూ.28,350. 

ఈ ఒక్క లెక్కలో పిల్లలు ఎక్కడెక్కడ జారతారో పాత జవాబు పత్రాలు ముందేసుకుని చూశాను. ఆ జారే చోట్లే కొత్త కాగితంలో వరుసలయ్యాయి:

ఒకే రోజున రెండు పుస్తకాల్లో నిల్వ ఎందుకు తేడాగా ఉంటుందో, మూడు కారణాలతో నోటితో చెప్పగలను. (నోట్సు పేజీ 1)
ఒక అంశం ఇస్తే, అది ఏ పుస్తకంలో పడింది, ఏ పుస్తకంలో పడలేదో చెప్పగలను. (పేజీ 2, 3)
నగదు పుస్తకం నుంచి మొదలుపెడితే కలపాలో తీసెయ్యాలో, ఎందుకో చెప్పగలను. (పేజీ 4)
పాస్ పుస్తకం నుంచి మొదలుపెట్టి అదే లెక్క వెనక్కి చెయ్యగలను. (పేజీ 6)
ఓవర్‌డ్రాఫ్ట్ ఉన్న లెక్క చెయ్యగలను. (పేజీ 7)
ఏ అంశాలను నగదు పుస్తకంలో ఇప్పుడే రాయాలో, ఏవి వాటంతటవే సర్దుకుంటాయో తేల్చగలను. (పేజీ ...)

చివరి వరుస దగ్గర నా పెన్ను ఆగింది. రాయడానికి పేజీ నంబరు లేదు. చార్జీలు 150, నేరుగా వచ్చిన 3,000 యజమాని పుస్తకంలో ఎక్కాల్సినవే, ఎక్కిస్తే నిల్వ రూ.26,850 అవుతుంది. చెక్కులు రెండూ మాత్రం రాయాల్సిన పని లేదు, రోజులు గడిస్తే అవే సర్దుకుంటాయి. 26,850కి 6,000 కలిపి 4,500 తీసేస్తే మళ్లీ అదే 28,350. కోర్సు ఫలితంలో 'సవరించి' అన్న మాట ఎన్నేళ్లుగానో ఉంది, నా నోట్సులో దాని గురించి రెండు వాక్యాలు మించి లేవు. ఇన్నేళ్లూ చెప్పకుండానే పరీక్షలో అడిగానన్నమాట! ఒకటిన్నర పేజీ కొత్తగా రాసి చేర్చాను. దీనికి తిరకాసు కూడా ఉంది. నోట్సులో రెండు పేజీలున్న 'సమన్వయ పట్టిక ప్రాముఖ్యత'కు కోర్సు ఫలితంలో చోటే లేదు. దాన్ని కాగితంలోకి రానివ్వలేదు.

ఓవర్‌డ్రాఫ్ట్ వరుసను విడిగా పెట్టడానికీ కారణముంది. నగదు పుస్తకం ప్రకారం రూ.10,000 ఓవర్‌డ్రాఫ్ట్ ఉండి, రూ.6,000 చెక్కు ఇంకా బ్యాంకుకు చేరలేదనుకోండి. పిల్లలు అలవాటుగా కలిపేసి 16,000 అంటారు. ఓవర్‌డ్రాఫ్ట్ అంటే మనం బ్యాంకుకు బాకీ, కాబట్టి బాకీ తగ్గి 4,000 అవ్వాలి. 'కలపాలి' అని బట్టీ పట్టినవాడు ఇక్కడ దొరికిపోతాడు, 'ఎందుకు కలపాలి' తెలిసినవాడు దాటేస్తాడు. మూడో వరుసలో 'ఎందుకో' అన్న మాట చేర్చింది దీన్ని చూశాకే.

టిక్కుకు కూడా నియమం పెట్టాం. నోట్సు మూసి, తెల్ల కాగితం మీద రాసి, తర్వాత నోట్సు తెరిచి సరిచూసుకోవాలి. సరిపోతే పెన్సిల్‌తో టిక్కు, కింద తారీఖు. వారం గడిచాక వేరే అంకెలతో మళ్లీ చెయ్యాలి. అప్పుడూ సరిపోతేనే పెన్ను టిక్కు. వేరే అంకెలు ఎందుకంటే, ఒకే లెక్క రెండుసార్లు ఇస్తే 28,350 అనే జవాబే గుర్తుండిపోతుంది. అందుకని ప్రతి వరుసకూ మూడు జతల అంకెలు తయారు చేసి వెనక పేజీలో వేశాను. ఆ అంకెలు కూర్చడానికే రెండు సాయంత్రాలు పట్టింది. మిగతా పని అంతా కలిపి ఒక సాయంత్రం.

మొదటి వారం క్లాసులో గొణుగుడే. పాత కాగితంలో అన్నీ నిండినవాళ్లకు కొత్తదాంట్లో రెండు మూడు పెన్సిల్ టిక్కులే పడ్డాయి. 'సార్, గిదేంది, ముందు అన్నీ వచ్చినయ్ కదా' అని సిరికొండ నుంచి వచ్చే అబ్బాయి అలిగాడు. వారం తర్వాత పెన్సిల్ టిక్కుల్లో కొన్ని చెరిపేయాల్సి వచ్చినప్పుడు ఇంకా ముఖం మాడ్చుకున్నాడు. కానీ ఆ కాగితం చూస్తే నాకు పని తేలికయింది. చాలామందికి నాలుగో వరుస ఖాళీ. అంటే వెనక్కి చెయ్యడం రావట్లేదు. ఒక పీరియడ్ మొత్తం దానికే పెట్టాను, మొదటి రెండు వరుసలు మళ్లీ ముట్టుకోలేదు.

చిక్కులు పోలేదు. కొందరు నోట్సు తెరిచి పెట్టుకునే రాసి టిక్కు పెట్టేవారు. అలాంటి కాగితం చూడగానే తెలిసిపోతుంది, అన్ని టిక్కుల కింద ఒకే తారీఖు ఉంటుంది. వాళ్లను తిట్టలేదు, పక్కవాడితో జత కట్టించి, ఒకరి అంకెలు ఒకరు ఇచ్చుకోమన్నాను. ఈ టిక్కులకు మార్కులు ఇవ్వమని ఒక తోటి లెక్చరర్ సలహా ఇచ్చారు. ఇవ్వలేదు. మార్కులు పెట్టిన రోజు నుంచి ఖాళీ గడి ఎవరూ చూపించరు.

ఇంకో చిక్కు నేను ఊహించలేదు. మా క్లాసులో ఇంట్లో గోండి, లంబాడీ, మరాఠీ మాట్లాడే పిల్లలున్నారు. ఒక అబ్బాయి రెండో వరుస ఎప్పుడూ ఖాళీగా వదిలేస్తున్నాడు. పిలిచి లెక్క నోటితో అడిగితే టకటకా చెప్పాడు. అతన్ని ఆపింది లెక్క కాదు, నేను రాసిన 'నమోదు కాని' అన్న మాట. దాన్ని 'పడలేదు' అని మార్చాను. ఆ తర్వాత కాగితంలో ప్రతి మాటనూ ఇద్దరు పిల్లల చేత పైకి చదివించి, ఆగిన చోటల్లా మార్చాను. 'సమన్వయ పట్టిక' మాత్రం ఉంచాను, పరీక్ష పేపర్లో అదే వస్తుంది కాబట్టి.

ఒక పెద్ద లెక్క పదిహేను నిమిషాల్లో పూర్తిగా చెయ్యగలను అనే వరుస కూడా మొదట రాశాను. తర్వాత తీసేశాను. పై ఆరూ వచ్చినా అది రానివాళ్లు ఉన్నారు, ఎందుకు రావట్లేదో ఆ వరుస చెప్పట్లేదు. ఒకరికి కూడికల్లో తప్పు, ఒకరికి ఫార్మాట్ మరుపు. ఇప్పుడు దాన్ని రెండుగా ఎలా విడగొట్టాలా అని చూస్తున్నాను. వచ్చే నెల తరుగుదల పాఠం మొదలవుతుంది. దాని కాగితం ఈసారి నోట్సు కంటే ముందే రాస్తున్నాను, పేజీ నంబర్ల గడి ఖాళీగా ఉంచి.