మొదటి రిపోర్టులో రాయాల్సిన టైము ఏది?

డేటా చోరీ జరిగిందన్న అనుమానం రాగానే ఐటీ విభాగం రాసే మొదటి రిపోర్టు పేజీ దాటనక్కర్లేదు. దొంగ ఎవరో అందులో ఉండదు, అప్పటికి తెలియదు కూడా. ఎప్పుడు బయటపడింది, ఏ సిస్టమ్స్ దెబ్బతిన్నాయి అన్న రెండు సంగతులు మాత్రం సూటిగా ఉండాలి.

ఒక ఆసుపత్రి అనుకుందాం. ల్యాబ్ రిపోర్టులుండే సర్వర్ నుంచి ఊరూ పేరూ తెలియని చిరునామాకు బోలెడంత డేటా వెళ్లింది. ఫైర్‌వాల్ లాగ్‌లో ఇలా ఉంది:

```
03-11T20:40:07Z ALLOW lab-db-02 -> 203.0.113.45:443 bytes=4400000000
```

చూడగానే ‘మార్చి 11 రాత్రి 8:40’ అని రాసేస్తారు. టైము చివరున్న Z అక్షరాన్ని పట్టించుకోరు. అది అంతర్జాతీయ ప్రామాణిక సమయానికి గుర్తు. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. అంటే డేటా వెళ్లింది 12వ తేదీ తెల్లవారుజామున 2:10కి. తేదీయే మారిపోయింది! 8:40 అని రిపోర్టు వెళ్తే దర్యాప్తు చేసేవాళ్లు సాయంత్రం షిఫ్టు లాగిన్లు తిరగేస్తూ కూర్చుంటారు. ఆ షిఫ్టులో ఉన్న పాపానికి ఎవరో సంజాయిషీ ఇచ్చుకోవాలి.

హెచ్చరిక మెయిల్‌ను డ్యూటీ ఇంజనీరు ఉదయం 7:15కి చూశాడు. అనుమానం నిజమేనని టీమ్ లీడ్ 9:30కి తేల్చాడు. ఈ మూడు సమయాలూ విడివిడిగా రాయాలి. కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఇలాంటివి గమనించిన 6 గంటల్లోపు తనకు తెలపాలి. లెక్క 7:15 నుంచే మొదలు, కాబట్టి గడువు మధ్యాహ్నం 1:15. నిర్ధారణ అయ్యాకే లెక్క అనుకుని 3:30 దాకా ఆగితే ఆలస్యమైనట్టే.

ఇక సిస్టమ్స్ సంగతి. ‘మా సర్వర్లు హ్యాక్ అయ్యాయి’ అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ‘ఒక్క సర్వరే’ అనడం ఇంకా ప్రమాదం, మిగతావన్నీ క్షేమమని మనమే హామీ ఇచ్చినట్టవుతుంది. ఇక్కడ ఖాయంగా తెలిసింది lab-db-02 ఒక్కటే. అదే అడ్మిన్ పాస్‌వర్డ్ వాడుతున్న బిల్లింగ్ సర్వర్ మీద అనుమానం ఉంది. బ్యాకప్ సర్వర్‌లో ఏమీ దొరకలేదు, కానీ ఏ లాగ్‌లు ఎన్నింటివరకు చూశారో రాస్తేనే ఆ మాటకు విలువ.

డేటా విషయంలోనూ అంతే. 4.4 జీబీ వెళ్లిందని తెలుసు. అందులో రోగుల వివరాలు ఉన్నాయో లేదో తెలియదు. ‘సర్వర్‌లో రోగుల పేర్లు, పరీక్షా ఫలితాలు ఉంటాయి, బయటికెళ్లిన ఫైళ్లేవో ఇంకా తేలలేదు’ అని రాస్తే చాలు.

సర్వర్‌ను నెట్‌వర్క్ నుంచి ఎప్పుడు విడదీశారో కూడా రాయండి. కంగారులో స్విచ్ ఆపేస్తే మెమరీలోని ఆధారాలు పోతాయి. ఆపేసి ఉంటే దాచకుండా ఆ టైమూ వేయండి.

ఖాళీలున్నా సరే, రిపోర్టును గడువులోపు incident@cert-in.org.in కు పంపండి. మిగతా వివరాలు తర్వాత జతచేయవచ్చు.