పరీక్షకుడు రాజీనామా ఇస్తే

ధర్మసాగర్ వైపు ఒక సంఘంలో పాల పరీక్షకుడు రాజీనామా కాగితం ఇచ్చాడనుకుందాం. ప్రైవేటు డెయిరీ వారు నెలకు 2,000 రూపాయలు ఎక్కువ ఇస్తామన్నారు. ఆ మొత్తం మన పాలకవర్గమే ఇచ్చి అతన్ని నిలుపుకోవాలా?

ముందు లెక్క చూద్దాం. రోజుకు 300 లీటర్ల గేదె పాలు వచ్చే సంఘమైతే నెలకు 9,000 లీటర్లు. పెంపు లీటరుకు 22 పైసలు పడుతుంది. కొత్తవాడు వెన్న శాతం 0.1 ఎక్కువ చదివితే, సంఘం రాని వెన్నకు, నెలకు సుమారు 9 కిలోలకు, డబ్బు చెల్లిస్తుంది. కిలో 700 రూపాయల చొప్పున 6,300. తక్కువ చదివితే సభ్యుడు నష్టపోయి పాలు వేరేచోట పోస్తాడు. ఈ రెండో నష్టం ఏ రిజిస్టరులోనూ కనబడదు, మాకు దాని భయమే ఎక్కువ.

అయినా వెంటనే సరే అనరాదు. అతన్ని విడిగా కూర్చోబెట్టి, జీతమే కారణమా అని అడగాలి. పూటపూటా డ్యూటీ, సెలవు లేకపోవడం కారణమైతే, డబ్బు పెంచినా కొన్నాళ్లకు మళ్లీ వెళ్తాడు. పాలు పెరిగినా జీతం పెరగలేదని తేలితే, పెంపును తీర్మానంగా మినిట్సు పుస్తకంలో రాయాలి. గుట్టుగా ఇస్తే రేపు హెల్పరూ కాగితం తెస్తాడు.

మిగులు చాలకపోతే మర్యాదగా ఒప్పుకోవడమే మేలు. నోటీసు కాలంలో కొత్తవాడు అతని పక్కనే అదే నమూనాను వేరుగా పరీక్షించాలి. తేడా ఎప్పుడూ ఒకే వైపు వస్తుంటే అతన్ని ఇంకా ఒంటరిగా వదలరాదు. స్టాకు, నగదు, రిజిస్టర్లు సంతకాలతో అప్పగించిన రోజే బకాయి జీతం ఇచ్చేయాలి.