కార్డు క్యాబినెట్‌లో పడుతుందా?

సికింద్రాబాద్ సీటీసీలో కంప్యూటర్ కట్టించుకునేవాళ్లు ప్రాసెసర్‌కీ గ్రాఫిక్స్ కార్డుకీ గంటసేపు బేరమాడతారు. క్యాబినెట్ దగ్గరికొచ్చేసరికి మాత్రం అద్దం, రంగుల ఫ్యాన్లు చూసి సరే అనేస్తారు. తీరా బిగించేటప్పుడు కార్డు పట్టదు.

ఈ రోజుల్లో పెద్ద కార్డులు 30 సెంటీమీటర్లు దాటుతున్నాయి. ఆర్‌టీఎక్స్ 4090లో ఎన్విడియా సొంత కార్డే 304 మిల్లీమీటర్లు. వేరే కంపెనీలవి ఇంకా పొడవు. క్యాబినెట్ పెట్టె మీద కూడా ఎంత పొడవు కార్డు పడుతుందో రాసి ఉంటుంది. చిక్కంతా ఆ అంకెతోనే. చాలాసార్లు అది ముందువైపు ఏమీ బిగించనప్పటి లెక్క.

ఒక ఉదాహరణ చూద్దాం. క్యాబినెట్ 360 మిల్లీమీటర్లంటోంది, మన కార్డు 330. చోటు దండిగా ఉందనిపిస్తుంది. కానీ ప్రాసెసర్‌ను చల్లబరిచే రేడియేటర్‌ను ముందు పెడితే దాని మందం 27, ఫ్యాన్ మందం 25, కలిపి 52 పోతుంది. మిగిలేది 308. కార్డు ఇరవై రెండు మిల్లీమీటర్లు ఎక్కువైంది! రేడియేటర్‌ను పైకప్పుకు మార్చి ముందు ఫ్యాన్లు మాత్రమే ఉంచితే 335 దొరుకుతుంది. ఐదు మిల్లీమీటర్ల సందులో కార్డును ఏటవాలుగా దించడం కుస్తీయే గానీ, పని అవుతుంది. కొన్ని క్యాబినెట్లలో ఫ్యాన్లు ఇనుప చట్రానికి బయట, ముందు మూతకు లోపల కూర్చుంటాయి. అలాంటివాటిలో ఆ 25 తీసెయ్యక్కర్లేదు. కొనేముందు మూత ఊడదీయించి చూడడం మంచిది.

పొడవు సరిపోయినా వెడల్పు మిగిలే ఉంది. కరెంటు వైరు కార్డు అంచు నుంచి అద్దం తలుపు వైపు వస్తుంది. అక్కడ మూడు నాలుగు సెంటీమీటర్లు లేకపోతే వైరు కనెక్టర్ మొదట్లోనే మడత పడుతుంది. కొత్త కార్డుల 16 పిన్నుల కనెక్టర్ ఈ పద్ధతిలో వదులైతే వేడెక్కి కరిగే ప్రమాదముంది. తలుపును నొక్కితేగానీ మూతపడటం లేదంటే చోటు చాలలేదన్నమాటే.

ఇక హార్డ్‌డిస్కుల అరలు. మదర్‌బోర్డు మీదే అతుక్కునే ఎం.2 ఎస్ఎస్‌డీలు వచ్చాక చాలామందికి వీటితో పని లేదు. పెళ్లి వీడియోలు ఎడిట్ చేసి ఏళ్ల తరబడి దాచేవాళ్ల సంగతి వేరు. వాళ్లకు పెద్ద డిస్కుల అరలు నాలుగైనా కావాలి. అయితే పాత తరహా క్యాబినెట్లలో ఆ అరల చట్రం సరిగ్గా కార్డు కొసకు ఎదురుగా ఉంటుంది. అది ఊడి వస్తుందో, రివెట్లు కొట్టేశారో కనుక్కోవాలి. కింద పవర్ సప్లై పక్కన అరలుంటే కార్డుకు అడ్డు ఉండదు గానీ, పొడవాటి పవర్ సప్లైకి, దాని వైర్లకు ఇరుకవుతుంది.

ముందున్న టైప్-సి పోర్టు చూసి మురిసిపోయే ముందు మదర్‌బోర్డు మాన్యువల్ తెరవండి. ఆ పోర్టు వైరు కొసకు చిన్న చదునైన ప్రత్యేక కనెక్టర్ ఉంటుంది, తక్కువ ధర బోర్డుల్లో చాలావాటికి దాని సాకెట్ ఉండదు. అప్పుడు వైరు లోపల వేలాడుతుంది, బయటి పోర్టు పనిచెయ్యదు.