విత్తనం బతికే ఉందా? నారు నిజంగా ఆరోగ్యంగా ఉందా?

మీ ఇంటి డాబా మీద నాలుగు కుండీలు పెట్టి మిరప, టమాటా పెంచాలని మీకు ఎప్పుడైనా అనిపించిందా? అనిపించే ఉంటుంది. అప్పుడు మీరు చేసే మొదటి పని ఏమిటి? బజారుకు వెళ్ళి ఒక విత్తనాల పొట్లం కొనడం, లేదా నర్సరీకి వెళ్ళి పచ్చగా కనిపించే నారు తీసుకోవడం. పొట్లం మీద ఎర్రటి కాయల బొమ్మ ఉంటుంది. నారు కూడా కళకళలాడుతూ ఉంటుంది. కాని ఆ విత్తనం లోపల ప్రాణం ఉన్నదీ లేనిదీ బొమ్మ చెప్పదు. ఆ మొక్క లోపల వైరస్ ఉన్నదీ లేనిదీ దాని పచ్చదనం చెప్పదు. ఈ రెండు విషయాల్లోనూ నేను ఒక్కొక్కసారి మోసపోయాను. అది ఎలా జరిగిందో చెబుతాను.

ముందు విత్తనం సంగతి చూద్దాం. 2023 జూన్ నెలలో ఒక దుకాణంలో మిరప విత్తనాలు కొన్నాను. గుమ్మం దగ్గర తాడుకు వేలాడదీసిన కాగితపు పొట్లం అది. మిరపకు ఉండవలసిన కనీస మొలక శాతం 60 అని దాని మీద అచ్చువేసి ఉంది. అంటే నూరు గింజలు వేస్తే కనీసం అరవై మొలవాలన్నమాట. టమాటాకు, వంకాయకు ఈ అంకె 70, బెండకు 65. పొట్లం మీద పరీక్ష చేసిన తేదీ 2022 సెప్టెంబరు అనీ, చెల్లుబాటు 2023 జూన్ వరకు అనీ ఉంది. సాధారణంగా పరీక్ష చేసిన రోజు నుంచి తొమ్మిది నెలలపాటు ఆ లేబులు చెల్లుతుంది. లెక్క ప్రకారం నా పొట్లానికి ఇంకా గడువు దాటలేదు. అయినా ఎందుకో అనుమానం వచ్చి, ఇంట్లో పరీక్ష చేశాను. ఇది మీరూ చేయవచ్చు.

శుభ్రమైన పాత నూలు గుడ్డను నీళ్ళలో ముంచి, నీళ్ళు కారకుండా పిండండి. దాని మీద ఇరవై గింజలను ఒకదానికొకటి తగలకుండా వరసగా పేర్చండి. గుడ్డను చాపలా చుట్టి, ఒక ప్లాస్టిక్ సంచిలో వదులుగా పెట్టి, ఎండ తగలని చోట ఉంచండి. సంచి మీద తేదీ రాయడం మరిచిపోవద్దు. గుడ్డ ఆరిపోతున్నట్లు ఉంటే కాసిని నీళ్ళు చిలకరించండి. మిరపకైతే ఏడో రోజున ఒకసారి, పద్నాలుగో రోజున ఒకసారి విప్పి లెక్కపెట్టాలి. టమాటాకు మొదటి లెక్క అయిదో రోజునే. వేరు, మొలక రెండూ చక్కగా వచ్చిన గింజలనే లెక్కలోకి తీసుకోవాలి. ఉబ్బి ఊరుకున్నవి, బూజు పట్టినవి లెక్కలోకి రావు.

ఒక హెచ్చరిక. కొన్ని పొట్లాల్లో గింజలు గులాబీ రంగులోనో, నీలం, ఆకుపచ్చ రంగుల్లోనో ఉంటాయి. అది గింజ సహజమైన రంగు కాదు. శిలీంధ్రాల నుంచి కాపాడడానికి థైరామ్ వంటి విషపు మందు పట్టించిన గుర్తు. అటువంటి గింజలను చెంచాతో తీయండి, తరువాత సబ్బుతో చేతులు కడుక్కోండి, చిన్న తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు అందనివ్వకండి.

నా ఇరవై గింజల్లో పద్నాలుగో రోజుకు ఎన్ని మొలిచాయో తెలుసా? ఏడు. అంటే నూటికి 35. ఇరవై గింజలతో చేసిన పరీక్ష ఉజ్జాయింపే సుమా. విత్తన పరీక్ష కేంద్రాల్లో నాలుగు వందల గింజలతో చేస్తారు. ఇరవైలో పదకొండు మొలిస్తే పొట్లాన్ని తప్పుపట్టడానికి లేదు. ఏడంటే మాత్రం ఏదో జరిగిందనే అర్థం.

ఏం జరిగి ఉంటుంది? గింజ ఎండిపోయిన రాయి కాదు. అది నిద్రపోతున్న పసి మొక్క. నిద్రలోనూ కొద్దికొద్దిగా శ్వాసిస్తూ, దాచుకున్న తిండిని ఖర్చు చేస్తూనే ఉంటుంది. వేడి, తేమ పెరిగినకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది, లోపలి కణాలు చెడిపోతాయి. విత్తన శాస్త్రజ్ఞులు దీనికి ఒక మోటు లెక్క చెబుతారు. నిలవ ఉంచిన చోట వేడి 5 డిగ్రీల సెల్సియస్ తగ్గితే గింజ ఆయుష్షు రెట్టింపవుతుంది. గింజలో తేమ ఒక శాతం తగ్గినా అలాగే రెట్టింపవుతుంది. దీన్నే తిరగేసి చూడండి. ఏప్రిల్, మే నెలల్లో విజయవాడ ఎండకు గుమ్మంలో వేలాడిన పొట్లం ఏమవుతుంది? పైగా అది కాగితపు పొట్లం. వాన చినుకు పడగానే గాలిలోని తేమ లోపలికి చేరుతుంది. లేబులు మీద రాసినది సెప్టెంబరు నాటి సంగతి. ఆ తరువాత దుకాణంలో గడిచిన వేసవి సంగతి లేబులుకు తెలియదు.

కనుక విత్తనం కొనేటప్పుడు పొట్లాన్నే కాదు, దుకాణాన్ని కూడా చూడాలి. పొట్లాలు నీడలో, చల్లని చోట ఉన్నాయా? కాగితానికి బదులు లోపల వెండి రంగు పొర ఉన్న గట్టి పొట్లం ఉందా? పరీక్ష తేదీ ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. లాటు నంబరు అనే అంకె కూడా పొట్లం మీద ఉండాలి. ఒకే చోట పండి, ఒకేసారి శుభ్రం చేసిన గింజలన్నిటికీ ఒకే లాటు నంబరు వేస్తారు. 1983 నాటి విత్తన నియంత్రణ ఉత్తర్వు ప్రకారం విత్తనాలు అమ్మేవారికి లైసెన్సు ఉండాలి, కొన్నవారికి బిల్లు ఇవ్వాలి. లాటు నంబరు రాసిన బిల్లు అడగండి. ఇవ్వడానికి వెనుకాడే చోట నేనైతే కొనను. చిల్లరగా, చెంచాతో కొలిచి, పేరులేని పొట్లంలో కట్టి ఇచ్చే గింజలకు తేదీ లేదు, లాటు లేదు. అడిగేందుకు ఆధారమూ లేదు.

మరి నా మిరప గింజలు పారేశానా? లేదు. నాకు కావలసింది ఆరు మొక్కలు. నూటికి 35 మొలిచే గింజలతో ఆరు మొలకలు రావాలంటే, ఆరును 0.35 తో భాగించాలి. సుమారు పదిహేడు గింజలు కావాలి. చిన్నతనంలో చచ్చిపోయేవి కూడా కొన్ని ఉంటాయి కనుక ఇరవై నాలుగు వేశాను. తొమ్మిది మొలిచాయి, ఆరు నిలిచాయి. అయితే అవి మందకొడిగానే పెరిగాయి. ముసలి గింజ మొలిచినా దానికి బలం తక్కువే.

ఇక నారు. బెండ, చిక్కుడు, సొర, బీర వంటి వాటికి నారుతో పనిలేదు. గింజ పెద్దది, వేరు కదిలిస్తే ఓర్చుకోదు, నేరుగా కుండీలోనే వేయవచ్చు. టమాటా, వంగ, మిరపలకే నారు కొంటాము.

నేను రెండోసారి, నిజానికి కాలం ప్రకారం మొదటిసారి, మోసపోయింది టమాటా నారుతో. 2023 ఫిబ్రవరిలో రోడ్డు పక్క నర్సరీలో పన్నెండు మొక్కలు తెచ్చాను. ఆకులు ముదురు ఆకుపచ్చగా ఉన్నాయి, ఒక్క మచ్చ లేదు. మార్చి మొదటి వారానికి చివరి ఆకులు చిన్నవై, అంచులు పసుపుపచ్చబడి, పైకి ముడుచుకున్నాయి. ఎదుగుదల ఆగిపోయింది. అది ఆకుముడత తెగులు. ఈ వైరస్‌కు మందు లేదు. పన్నెండింటిలో తొమ్మిదింటిని పీకి, సంచిలో కట్టి పారవేయవలసి వచ్చింది.

ఈ వైరస్‌ను మొక్క నుంచి మొక్కకు చేర్చేది తెల్లదోమ. పేరుకు దోమే కాని ఇది మనల్ని కుట్టదు. మిల్లీమీటరు పొడవుండే ఈ పురుగు ఆకు అడుగున కూర్చుని రసం పీలుస్తుంది. జబ్బు మొక్కను పీల్చి మంచి మొక్క మీద వాలితే చాలు. కాని ముడత వెంటనే కనిపించదు. రెండు మూడు వారాలు పడుతుంది. టమాటా నారు అమ్మేది మొలిచిన మూడు నాలుగు వారాలకే! అంటే నర్సరీలో వైరస్ సోకిన మొక్క మన ఇంటికి వచ్చాకనే జబ్బు చూపిస్తుంది. నేను మొక్కను ఎంత పరీక్షగా చూసినా ఆ రోజు ఏమీ తెలిసేది కాదు. చూడవలసింది మొక్కను కాదు, అది పెరిగిన చోటును.

తరువాత నేను ఇంకొక నర్సరీకి వెళ్ళాను. వెళ్ళగానే అక్కడి అబ్బాయి, “మాస్టారూ, తలుపు వేసి రండి, తెల్లదోమ వస్తుంది” అన్నాడు. ఆ మాటతోనే నాకు సగం నమ్మకం కుదిరింది. నారు చుట్టూ సన్నని నైలాన్ వల, లోపలికి వెళ్ళడానికి ఒకదాని వెనుక ఒకటిగా రెండు తలుపులు ఉన్నాయి. ఆ వలను నలభై మెష్ అంటారు, అంగుళానికి నలభై కన్నాలు. ఒక్కొక్క కన్నం అర మిల్లీమీటరు లోపే. మనం మంచానికి కట్టే దోమతెర కన్నాల్లోంచి తెల్లదోమ హాయిగా దూరిపోతుంది. పైన నీడకోసం వేసే ఆకుపచ్చ వల కూడా దాన్ని ఆపలేదు.

“బాబూ, ఒక ట్రే కదిలించి చూడనా?” అన్నాను. చూడమన్నాడు. మొక్కల మీద అరచేతిని మెల్లగా పోనిచ్చాను. తెల్లదోమ ఉంటే బూడిద చిమ్మినట్లు లేస్తుంది. ఏమీ లేవలేదు. ఆకులు తిప్పి అడుగున కూడా చూశాను. చుట్టుపక్కల అమ్ముడుపోని ముదురు మొక్కలు, ముడత ఆకులు, పెరిగిన కలుపు ఏమైనా ఉన్నాయేమోనని చూశాను. వైరస్ దాక్కునేది అక్కడే.

ఆ తరువాత వేరు. మంచి నర్సరీల్లో నారును కొబ్బరిపొట్టు నింపిన గుంటల ట్రేలలో పెంచుతారు. ఒక మొక్కను మొదలు దగ్గర పట్టి మెల్లగా లాగమనండి. తెల్లని వేళ్ళు కొబ్బరిపొట్టును ముద్దలా పట్టుకుని రావాలి. ముద్ద విడిపోతే నారు లేత. వేళ్ళు అడుగున చుట్టలు చుట్టుకుని గోధుమరంగుకు తిరిగితే నారు ముదిరిపోయింది, లేదా నీళ్ళు ఎక్కువై కుళ్ళుతున్నది. మట్టి సంచుల్లో పెంచిన నారైతే వేళ్ళ మీద బుడిపెలున్నాయేమో చూడండి. అవి నులిపురుగుల గూళ్ళు. ఆ మట్టితోపాటు మీ కుండీలోకి వస్తే ఆ కుండీలో తరువాత వేసే వంగ, బెండలను కూడా వదలవు. ఇంకో మాట, పూత వచ్చిన టమాటా నారు చూసి మురిసిపోకండి. చిన్న గుంటలో ఇరుకుపడి తొందరపడిన మొక్క అది. నాలుగైదు ఆకులతో, పొట్టిగా, మొదలు గట్టిగా ఉన్న నారే కుండీలో బాగా నాటుకుంటుంది.

రకం పేరు కూడా అడిగి రాసుకోండి. “టమాటా” అని మాత్రమే చెప్పే చోట విత్తనం ఎక్కడిదో వారికీ తెలియదని అర్థం. ఉదాహరణకు బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క రక్షక్ అనే హైబ్రిడ్ టమాటా ఆకుముడతను, మరి రెండు తెగుళ్ళను బాగా తట్టుకుంటుంది. హైదరాబాదు వారికి జీడిమెట్లలోని ప్రభుత్వ కూరగాయల కేంద్రం, గుంటూరు వారికి లాంలోని మిరప పరిశోధన స్థానం వంటివి దగ్గరలో ఉన్నాయి. వెళ్ళి ఏ రకాలు ఉన్నాయో అడగవచ్చు. హైబ్రిడ్ అయితే దాని కాయల గింజలు దాచుకుని మళ్ళీ వేస్తే అదే రకం రాదు. సూటి రకమైతే వస్తుంది.

ఆ నర్సరీ నుంచి ఆరు మొక్కలు తెచ్చి, డాబా మీద నా పాత మిరప కుండీలకు దూరంగా, మరో మూలన మూడు వారాలు విడిగా ఉంచాను. రోజూ ఆకుల అడుగు చూసేవాణ్ణి. ఒక మొక్క చివర ముడత పడగానే పీకి పారేశాను. మిగిలిన అయిదింటినీ మిరపల పక్కకు చేర్చింది ఆ తరువాతనే.